వ్యాసం దిద్దే చేతికి భాష ఎక్కడ కనబడాలి?

బడిలో తెలుగు వ్యాసాన్ని దిద్దడమంటే రెండు వేర్వేరు పనులు. విద్యార్థి విషయం ఎంత చెప్పాడన్నది మొదటిది. దాన్ని ఎలాంటి తెలుగులో చెప్పాడన్నది రెండోది. మొదటిదానికి కొలత సులువుగానే దొరుకుతుంది. చెప్పాల్సిన అంశాలు ఇన్ని, వచ్చినవి ఇన్ని అని లెక్కవేయవచ్చు. రెండోదానికి అలాంటి లెక్క లేదు కాబట్టి చాలా కాగితాల మీద దాని స్థానంలో మరేదో కొలత వచ్చి కూర్చుంటుంది: దస్తూరి, పేజీల సంఖ్య, సంస్కృత సమాసాలు, చివర్లో అతికించిన సామెత. ఇవేవీ భాషకు కొలతలు కావు. పదసంపద, నుడికారం, వాక్యం అనే మూడింటినీ నేరుగా చూసే పద్ధతి ఉంది, అదేమంత కష్టమైనదీ కాదు.

ఉదాహరణకు పదో తరగతి పిల్లలకు ‘మా ఊరి చెరువు’ అనే అంశం ఇచ్చారనుకోవాలి. చర్చ కోసం కల్పించిన రెండు కాగితాలు ఇవి. మొదటిది ఇలా ఉంది:

“మా గ్రామము యొక్క చెరువు చాలా పెద్దది. ఇది గ్రామము యొక్క అభివృద్ధిలో ఒక ముఖ్యమైన పాత్ర పోషిస్తుంది. చెరువు అనేక ఉపయోగాలను కలిగి ఉంది. రైతులు దీని నీటిని వ్యవసాయము కొరకు ఉపయోగిస్తారు మరియు పశువులు కూడా దీని నీటిని త్రాగుతాయి. వర్షాకాలంలో చెరువు నీటితో నింపబడుతుంది. అప్పుడు ప్రజలు నిమ్మకు నీరెత్తినట్లు చాలా సంతోషిస్తారు. కానీ ఇప్పుడు చెరువులో చెత్త వేయబడుతుంది. ఎందుకంటే ప్రజలకు అవగాహన లేదు. చెరువును కాపాడుకోవడం మనందరి బాధ్యత.”

రెండోది ఇది:

“మా ఊరి చెరువు నిండితే అలుగు పారే చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తుంది. పోయిన శ్రావనంలో రాత్రంతా కుండపోతగా కురిసి తెల్లారేసరికి నీళ్ళు కట్ట అంచుకు వచ్చాయి. కట్ట తెగుతుందని భయపడి పెద్దవాళ్ళు గడ్డపారలు, ఇసుక బస్తాలు తెచ్చుకుని కాపలా కాశారు. మా తాత తూము దగ్గర నిలబడి కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు ఈ నీళ్ళే తాగేవాళ్ళం అన్నాడు. బోర్లు వచ్చాక ఊళ్ళో ఎవరూ చెరువును పట్టించుకోలేదు. పూడిక తియ్యలేదు. గుర్రపుడెక్క అల్లుకుంది. ఏరు దాటి తెప్ప తగలేశారని తాత అంటాడు. బోర్లు ఎండిపోయి అందరూ మళ్ళీ చెరువు వైపు చూస్తున్నారు.”

ఎర్రసిరా పెన్నుతో గబగబా దిద్దుకుంటూ పోయేవారి చేతిలో మొదటి కాగితానికే ఎక్కువ మార్కులు పడే అవకాశం ఉంది. అందులో అక్షరదోషం లేదు, ఉపయోగాలు ఉన్నాయి, సమస్య ఉంది, సందేశం ఉంది, జాతీయం కూడా ఉంది. రెండోదాంట్లో ‘శ్రావణం’ తప్పు పడింది, ఒకటి రెండు వాక్యాలు కుంటాయి, సందేశం లేదు. అయితే భాషకు వేయాల్సిన మార్కుల దగ్గర ఈ వరుస తారుమారు కావాలి. ఎందుకు కావాలో మూడు కోణాల నుంచి చూడవచ్చు.

పదసంపద అనగానే పెద్ద మాటలు, అరుదైన మాటలు గుర్తుకు రావడం దిద్దేవారికి మామూలే. ‘సస్యశ్యామలం’, ‘జలనిధి’, ‘పరిఢవిల్లు’ లాంటివి కనబడితే చాలు, మార్కు పడుతుంది. నిజానికి ఆ మాటలు గైడులోంచి వచ్చాయా, పిల్లవాడి నోటినుంచి వచ్చాయా అన్నది పక్క వాక్యం చెప్పేస్తుంది. మొదటి పేరాలో ‘సస్యశ్యామల సీమ’ అని రాసినవాడు మూడో పేరాలో ‘చెరువు చాలా బాగుంటుంది’ అని తేల్చేస్తే, మొదటి మాట అరువు మాట. సంపద అంటే చెప్పదలచుకున్న వస్తువుకు, పనికి ఉన్న అసలు పేరు తెలిసి ఉండటం. చెరువు గురించి రాసేవాడికి కట్ట, తూము, అలుగు, పూడిక, ఆయకట్టు తెలిస్తే అది సంపద. మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు అలుగు, పొలాలకు నీళ్ళు వదిలే చోటు తూము. రెండో విద్యార్థి ఈ రెండింటినీ వాటి వాటి చోట్ల వాడాడు, వాడుతున్నానన్న హడావిడి లేకుండా వాడాడు.

దీన్ని పట్టుకోవడానికి పనికొచ్చే పరీక్ష ఒకటుంది. వ్యాసంలో అసలు వస్తువు పేరు తీసేసి, దాని స్థానంలో మరో వస్తువు పేరు పెట్టి చదవాలి. మొదటి కాగితంలో ‘చెరువు’ బదులు ‘గ్రంథాలయం’ అని పెడితే ఏమవుతుంది? “మా గ్రామము యొక్క గ్రంథాలయం చాలా పెద్దది. ఇది గ్రామము యొక్క అభివృద్ధిలో ఒక ముఖ్యమైన పాత్ర పోషిస్తుంది. గ్రంథాలయం అనేక ఉపయోగాలను కలిగి ఉంది.” వాక్యాలు ఏమాత్రం కందలేదు. ‘ఎందుకంటే ప్రజలకు అవగాహన లేదు’, ‘కాపాడుకోవడం మనందరి బాధ్యత’ అన్నవీ అలాగే నిలుస్తాయి. తొమ్మిది వాక్యాల్లో అయిదింటికి చెరువుతో పని లేదు. రెండో కాగితంలో అదే మార్పు చేస్తే మొదటి వాక్యమే నవ్వులపాలవుతుంది. గ్రంథాలయం నిండి అలుగు పారడం ఎక్కడా ఉండదు కదా. ఇలా పేరు మార్చినా నిలిచే వాక్యాలు తప్పు వాక్యాలు కావు, వాటికి మార్కులు కోయనక్కర్లేదు. కాకపోతే పదసంపద కింద వాటికి ఇవ్వాల్సిందీ ఏమీ లేదు.

మరో పని క్రియల కింద గీతలు గీయడం. తెలుగు వాక్యంలో బరువంతా చివర ఉన్న క్రియ మీద పడుతుంది కాబట్టి భాషలోని పేదరికం ముందు అక్కడే బయటపడుతుంది. మొదటి కాగితంలోవి: పోషిస్తుంది, కలిగి ఉంది, ఉపయోగిస్తారు, త్రాగుతాయి, నింపబడుతుంది, సంతోషిస్తారు, వేయబడుతుంది, లేదు. వీటిలో కంటికి కనబడే పని ‘త్రాగుతాయి’ ఒక్కటే. రెండోదాంట్లో నిండటం, పారడం, వినిపించడం, కురవడం, తెగడం, కాపలా కాయడం, చెమర్చడం, అల్లుకోవడం, తగలేయడం, ఎండిపోవడం ఉన్నాయి. ఒక్క విశేషణం కూడా వాడకుండా, ‘చాలా’ అనే మాట ముట్టుకోకుండా రెండో విద్యార్థి చెరువు ఎంతదో చెప్పేశాడు. కట్ట అంచుకు నీళ్ళు రావడం, ఇంటిదాకా చప్పుడు వినబడటం ‘చాలా పెద్దది’ కంటే ఎక్కువ చెబుతాయి. వ్యాసంలో ‘చాలా’, ‘ఎంతో’, ‘ఎన్నో’, ‘అనేక’ ఎన్నిసార్లు వచ్చాయో చూస్తే సరైన మాట దొరకక ఎక్కడెక్కడ సర్దుకున్నాడో తెలుస్తుంది.

ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తే పదసంపద తక్కువని తీర్పిచ్చే అలవాటు కొందరికి ఉంది. అది తొందరపాటు. చెరువు మీద వ్యాసంలో చెరువు అన్న మాట పదిసార్లు రావడంలో వింత లేదు. ఒకసారి చెరువు, ఒకసారి తటాకం, ఒకసారి జలాశయం, ఇంకోసారి సరస్సు అని మారుస్తూ పోతేనే ఇబ్బంది. ఊరి చెరువు సరస్సు కాదు. పర్యాయపదాల కోసం అర్థాన్ని పక్కన పెట్టిన చోట మార్కు తగ్గించాలి తప్ప, పునరుక్తి కనబడగానే కాదు.

మాండలికం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. తెలంగాణ ఊరి పిల్లవాడు అలుగును ‘మత్తడి’ అని రాస్తాడు, ‘మత్తడి దుంకింది’ అంటాడు. కోస్తా నుంచి వచ్చిన ఉపాధ్యాయుడికి అది కొత్తగా తోచవచ్చు. అది తప్పు కాదు, ఆ ప్రాంతపు అసలు మాట, పూర్తి విలువ ఇవ్వాల్సిన మాట. వస్తువుల పేర్లలో, జాతీయాల్లో, సంభాషణల్లో మాండలికం వ్యాసానికి బలమే. కథనమంతా ఒకే రకపు క్రియారూపాలతో నడవాలన్నది మాత్రం సమంజసమైన కోరిక. ఒక వాక్యంలో ‘పోయిండు’, తర్వాతి వాక్యంలో ‘వెళ్ళెను’, ఆ తర్వాత ‘వెళ్ళాడు’ అని ఉంటే తప్పు మాండలికానిది కాదు, కలగాపులగానిది.

మొదటి కాగితంలో ఉన్నది ఈ కలగాపులగమే, ఇంకో రూపంలో. ‘గ్రామము’, ‘కొరకు’, ‘త్రాగుతాయి’ పాత పుస్తకభాష. ‘వర్షాకాలంలో’, ‘కాపాడుకోవడం’ నేటి భాష. పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న గొడవకు వందేళ్ళు దాటాయి. 1910లలో మద్రాసు ప్రెసిడెన్సీలో గిడుగు రామమూర్తి ఒకవైపు, గ్రాంథికవాదులు మరోవైపు నిలిచి చేసిన వాదంలో బడి, కాలేజీ పరీక్షల్లో వ్యాసరచన భాష ఒక ముఖ్యమైన అంశం. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29 ఇవాళ తెలుగు భాషా దినోత్సవం, అయినా పిల్లల కాగితాల్లో ‘కొరకు’, ‘యొక్క’ ఇంకా గౌరవసూచకాలుగా కొనసాగుతూనే ఉన్నాయి. పరీక్ష అనగానే బట్టలు మార్చుకున్నట్టు భాష మార్చుకోవాలన్న నమ్మకం పిల్లలకు ఎవరో నేర్పిందే.

ఇక నుడికారం. బడి వాడుకలో దీన్ని జాతీయాలు, సామెతల లెక్కగా కుదించేశారు. పాఠం చివర ‘సొంతవాక్యాల్లో రాయండి’ అన్న అభ్యాసం ఉంటుంది. అక్కడ నేర్చుకున్న జాతీయాన్ని వ్యాసంలో ఎక్కడో ఒకచోట దూర్చడం పిల్లలకు అలవాటు. దిద్దేవారు దాని కింద గీత గీసి టిక్కు పెడతారు. జాతీయం కనబడింది కాబట్టి మార్కు. ఈ పద్ధతిలో మొదటి కాగితానికి మార్కు రావాలి. అందులో ‘నిమ్మకు నీరెత్తినట్లు’ ఉంది మరి.

ఆ జాతీయానికి అర్థం చుట్టూ ఏం జరుగుతున్నా ఏమీ పట్టనట్టు, చలనం లేకుండా ఉండటం. చెరువు నిండితే ఊరివాళ్ళు నిమ్మకు నీరెత్తినట్లు సంతోషించడమన్నది పొసగని మాట. నీళ్ళు, నిమ్మచెట్టు, పచ్చదనం కలిసి ఆనందమై ఉంటుందని విద్యార్థి ఊహించుకున్నాడు. తమాషా ఏమిటంటే, అదే జాతీయం రెండు వాక్యాల కిందైతే సరిగ్గా అతికేది: “కళ్ళముందే చెరువులో చెత్త పోస్తుంటే ఊరంతా నిమ్మకు నీరెత్తినట్లు ఉంది.” దిద్దేవారు పక్కన ‘తప్పు’ అని రాసి ఊరుకోకుండా బాణం గుర్తుతో ఆ చోటు చూపిస్తే విద్యార్థికి అర్థం, ప్రయోగం రెండూ ఒకేసారి తెలుస్తాయి.

అర్థం తప్పడం ఒక రకం పొరపాటు. రూపం చెడటం ఇంకో రకం. జాతీయంలో మాటలు గట్టిగా అతుక్కుని ఉంటాయి. జవాబు చెప్పలేక తడబడినవాడు ‘నీళ్ళు నమిలాడు’ అంటాం గానీ, ‘జలం నమిలాడు’ అనలేం. పారిపోయినవాడు ‘కాలికి బుద్ధి చెప్పాడు’ గానీ, ‘పాదానికి జ్ఞానం చెప్పాడు’ కాదు. గంభీరంగా రాయాలన్న తాపత్రయంలో పిల్లలు ఒక్కోసారి ఇలా మాట మార్చేస్తారు. మూడో రకం పట్టుకోవడం కొంచెం కష్టం. అర్థం సరిపోతుంది, రూపం సరిగానే ఉంటుంది, కానీ ఆ చోటుకు స్వరం కుదరదు. ఊళ్ళో ఎవరో చనిపోయిన సంగతి రాస్తూ ‘బాల్చీ తన్నేశాడు’ అంటే జాతీయం తెలుసని రుజువవుతుంది, సందర్భం తెలియదని కూడా రుజువవుతుంది.

రెండో కాగితంలో సామెత వాడిన తీరు గమనించదగ్గది. ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’ అన్నది అవసరం తీరగానే సాయపడ్డదాన్ని వదిలేసినవారి గురించి చెప్పే మాట. బోర్లు రాగానే చెరువును మరిచిన ఊరికి అది నూటికి నూరుపాళ్ళు సరిపోయింది. అంతకంటే మెచ్చుకోవాల్సింది, సామెతను ‘అన్నట్లుగా’, ‘అను సామెత ప్రకారము’ అంటూ పళ్ళెంలో పెట్టి అందించకుండా ‘తెప్ప తగలేశారని తాత అంటాడు’ అని నేరుగా వాక్యంలో కలిపేయడం. సామెతలోని క్రియే ఊరివాళ్ళ క్రియ అయిపోయింది. పైగా ఆ మాటను తాత నోట పెట్టాడు, పదిహేనేళ్ళ పిల్లవాడి నోట అది కాస్త పెద్దమాటలా వినబడేది. భాష తెలిసినవారు చేసే పని ఇది.

అసలు నుడికారంలో జాతీయాలు, సామెతలు పైకి కనబడే భాగం మాత్రమే. ఏ మాటకు ఏ క్రియ జతపడుతుందో తెలియడమే అందులో పెద్ద భాగం, దీనికి మాత్రం ఎవరూ టిక్కు పెట్టరు. కాపలా కాస్తారు, పూడిక తీస్తారు, నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు. కట్ట తెగుతుంది, గండి పడుతుంది, వాన పట్టుకుంటుంది, వెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికీ ‘చేయడం’ పెట్టి నెట్టుకొచ్చినా అర్థమవుతుంది, తెలుగు మాత్రం వినబడదు. మొదటి కాగితంలో రైతులు ‘నీటిని వ్యవసాయము కొరకు ఉపయోగిస్తారు’. ఏ ఊళ్ళోనైనా రైతు పొలానికి నీళ్ళు పెడతాడు, నీళ్ళు కడతాడు, పారిస్తాడు. పిల్లవాడికి ఆ మాటలు తెలియక కాదు. వ్యాసంలోకి అవి రాకూడదేమోనన్న భయం.

విభక్తి కూడా నుడికారంలో భాగమే. తెలుగులో ఒకదానికి ఒకటి ఉందని చెప్పాలంటే ‘కు’ వాడి ‘ఉంది’ అంటే సరిపోతుంది: చెరువుకు రెండు తూములున్నాయి, ఊరికి మంచి పేరుంది. ‘చెరువు రెండు తూములను కలిగి ఉంది’ అన్నది ఇంగ్లీషు వాక్యానికి తెలుగు తొడుగు. ‘పాత్ర పోషిస్తుంది’ కూడా ఆ దారినే వచ్చింది, పత్రికల్లో బాగా పాతుకుపోయింది కాబట్టి పదో తరగతి పిల్లవాడిని ఒక్కడినీ శిక్షించడం న్యాయం కాదు. ‘కలిగి ఉంది’ని దిద్దాలి, ‘పాత్ర పోషిస్తుంది’ని చూపించి వదిలేస్తే చాలు.

వాక్యనిర్మాణం దగ్గరికి వస్తే, బడిలో సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాల పాఠం పిల్లలందరూ చదువుతారు. అయినా వ్యాసంలో ఆ పాఠం కనబడదు. మొదటి కాగితంలో దాదాపు అన్నీ సామాన్య వాక్యాలే, దేనికదే పూర్తయిపోతుంది. కలపాల్సి వచ్చిన చోట ‘మరియు’, ‘ఎందుకంటే’ ప్రత్యక్షమవుతాయి. తెలుగు వాక్యాలు కలిసే పద్ధతి వేరు. ముందు జరిగే పనుల క్రియలు అసమాపకంగా, అంటే వాక్యం ముగించకుండా, వరసగా వచ్చి చివరి క్రియ దగ్గర ఆగుతాయి: వచ్చి, చూసి, తీసుకుని, వెళ్ళాడు. కారణం ముందు వస్తుంది, ఫలితం వెనక వస్తుంది. “చెత్త వేయబడుతుంది. ఎందుకంటే ప్రజలకు అవగాహన లేదు” అన్న రెండు వాక్యాలు తెలుగులో “తెలియక చెరువులో చెత్త పోస్తున్నారు” అన్న ఒక్క చిన్న వాక్యంగా మారిపోతాయి.

ఆ సవరణలో మరో సంగతి కూడా ఉంది. ‘వేయబడుతుంది’ అన్నది కర్మణి వాక్యం. ఎవరు వేశారో చెప్పనక్కర్లేని చోట ఇంగ్లీషుకు ఆ నిర్మాణం కావాలి. తెలుగులో కర్తను వదిలేసి ‘వేస్తున్నారు’ అంటే ఆ పని జరిగిపోతుంది. ‘చెరువు నీటితో నింపబడుతుంది’ మరీ విడ్డూరం. నింపేవాడు ఎవరూ లేడు, వానకు చెరువు నిండుతుంది. అయితే ‘బడు’ కనబడినచోటల్లా ఎర్రగీత గీసే ఉత్సాహం కూడా ప్రమాదమే. నిలబడటం, కనబడటం, తడబడటం అచ్చమైన తెలుగు క్రియలు, వాటికి కర్మణితో సంబంధం లేదు. రెండో కాగితంలోని ‘నిలబడి’ని, ‘భయపడి’ని అనుమానించకూడదు.

రెండో కాగితంలో నిజమైన వాక్యదోషాలు రెండున్నాయి. “మా తాత తూము దగ్గర నిలబడి కళ్ళు చెమర్చాయి.” నిలబడింది తాత, చెమర్చింది కళ్ళు. ‘నిలబడి’ లాంటి క్త్వార్థక రూపం వచ్చినప్పుడు ఆ పని చేసినవారే చివరి క్రియకూ కర్త కావాలన్నది సాధారణ నియమం. “తూము దగ్గర నిలబడ్డ తాతకు కళ్ళు చెమర్చాయి” అంటే వాక్యం కుదురుకుంటుంది. “బోర్లు ఎండిపోయి అందరూ మళ్ళీ చెరువు వైపు చూస్తున్నారు” అన్నదీ అలాంటిదే. “బోర్లు ఎండిపోయాక” అనో, “ఎండిపోవడంతో” అనో మారిస్తే చాలు.

అలాగైతే “రాత్రంతా కుండపోతగా కురిసి తెల్లారేసరికి నీళ్ళు కట్ట అంచుకు వచ్చాయి” అన్నది మాత్రం ఎలా ఒప్పవుతుంది? కురిసింది వాన, వచ్చింది నీళ్ళు, కర్తలు వేరే కదా. దిద్దేవారు తరచు తడబడే చోటు ఇది. మొదటి పని నుంచి రెండోది దానంతట అదే ఫలితంగా వచ్చినప్పుడు, అందులో ఎవరి సంకల్పమూ లేనప్పుడు, కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంటుంది. వానలు కురిసి పంటలు పండాయి అంటాం, గోడ కూలి ఇద్దరు చనిపోయారు అంటాం. ‘అందరూ చెరువు వైపు చూడటం’ అలా దానంతట జరిగేది కాదు, మనుషులు కావాలని చేసే పని. అందుకే అక్కడ చెవికి గుచ్చుకుంటుంది. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ లాంటి పుస్తకం దగ్గరుంటే ఇలాంటి సందేహాలు తీర్చుకోవడానికి పనికొస్తుంది. పుస్తకం దగ్గర లేకపోయినా వాక్యాన్ని పైకి చదివితే సగం సందేహాలు తీరతాయి.

ఆ వాక్యంలో ‘వాన’ అన్న మాటే లేదన్నది కూడా గమనించాలి. ‘కుండపోతగా కురిసి’ అన్నాక కురిసిందేమిటో చెప్పనక్కర్లేదు. తెలుగు కర్తను తేలిగ్గా వదిలేస్తుంది. కర్త లోపించిందని దాని కింద గీత గీసేవారు లేకపోలేదు. అటు మొదటి కాగితంలో ‘ఇది’, ‘దీని’, ‘దీని’ అంటూ సర్వనామాలు కాపలా ఉన్నాయి. ‘యొక్క’ను ఎత్తేసి ‘మా ఊరి చెరువు’ అంటే ఔపవిభక్తికమే ఆ పని చూసుకుంటుంది.

వాక్యం పొడవు గురించి ఒక్క మాట. సంక్లిష్ట వాక్యాలు ఎక్కువుంటే ఎక్కువ మార్కులనుకోకూడదు. “పూడిక తియ్యలేదు. గుర్రపుడెక్క అల్లుకుంది.” ఇవి చిన్న వాక్యాలే, పొడుగాటి వాక్యాల తర్వాత వచ్చాయి కాబట్టి దెబ్బ వేసినట్టు తగులుతాయి. మొదటి కాగితంలోని చిన్న వాక్యాలకు ఆ గుణం లేదు, అన్నీ ఒకే కొలతలో ఉండటమే కారణం.

ఇప్పుడు మార్కులు. విషయానికి వేరుగా మార్కులు పెట్టేసి, భాషకు పది ఉంచారనుకుంటే, పదసంపదకు నాలుగు, నుడికారానికి మూడు, వాక్యానికి మూడు అని పంచుకోవచ్చు. మొదటి కాగితానికి పదసంపదలో ఒకటి. నుడికారంలో జాతీయం తప్పింది గనుక సున్నా వేయాలనిపిస్తుంది గానీ, ‘మనందరి బాధ్యత’, ‘ప్రజలకు అవగాహన లేదు’ లాంటి చోట్ల విభక్తి ప్రయోగం చక్కగానే ఉంది కాబట్టి అర మార్కు. వాక్యాల్లో కర్త క్రియల పొత్తు ఎక్కడా చెడలేదు. రైతులు ఉపయోగిస్తారు, పశువులు త్రాగుతాయి. దీనికి ఒకటిన్నర. మొత్తం మూడు. రెండోదానికి పదసంపదలో మూడున్నర, నుడికారంలో మూడుకు మూడు, వాక్యంలో రెండు దోషాలకు ఒక మార్కు పోగా రెండు. మొత్తం ఎనిమిదిన్నర. ‘శ్రావనం’ తప్పు ఈ పదిలోకి రాదు. అక్షరదోషాలకు విడిగా ఒక చిన్న వాటా ఉంచి అక్కడే తగ్గించాలి. ణకారం తప్పిందని పదసంపద తగ్గదు కదా.

ఇదే కొలత ఆరో తరగతికి పెడితే అన్యాయం. ఆ వయసులో కర్త క్రియలు కలిసి, వస్తువుల పేర్లు సరిగా పడితే అదే ఎక్కువ. ఇంట్లో ఉర్దూ, లంబాడీ, గోండి మాట్లాడే పిల్లలకు ‘పూడిక తీయడం’ లాంటి జతలు చెవిన పడి ఉండవు, బడిలోనే నేర్చుకోవాలి. అలాంటి కాగితంలో ‘పూడిక తొలగించారు’ అని ఉంటే దాన్ని దోషంగా కాకుండా నేర్పాల్సిన అంశంగా గుర్తు పెట్టుకోవడం మేలు. రెండో విద్యార్థి సంపదలో తాత వాటా ఎంతో తేల్చే దారి మూల్యాంకనంలో లేదు. కాగితం మీద ఉన్న తెలుగుకు మాత్రమే మార్కు వేయగలం.

దిద్దిన కాగితం తిరిగి విద్యార్థి చేతికి వెళ్తుంది గనుక మార్కు పక్కన రాసే మాటకు కూడా చోటుంది. ‘బాగుంది’, ‘భాష మెరుగుపడాలి’ అన్నవి పేరు మార్చినా నిలిచే వాక్యాల కోవలోవే. మొదటి విద్యార్థికి మూడు ప్రశ్నలు రాస్తే చాలు: చెరువులోంచి నీళ్ళు పొలానికి ఎక్కడినుంచి వస్తాయి? చెత్త ఎవరు, ఎప్పుడు తెచ్చి పోస్తున్నారు? చెరువు నిండిన రోజు మీ ఇంట్లో ఎవరు ఏమన్నారు? ఈ మూడింటికీ జవాబు రాయబోతే ‘కలిగి ఉంది’, ‘వేయబడుతుంది’ వాటంతట అవే జారిపోతాయి. తూము పేరు వస్తుంది, మనుషులు వస్తారు, ఇంట్లో వాళ్ళ మాటలు వస్తాయి. రెండో విద్యార్థికి తాత వాక్యం కింద గీత గీసి ‘నిలబడింది ఎవరు, చెమర్చినవి ఏవి?’ అని అడిగితే వాడే దిద్దుకుంటాడు.

దొంతరలో నలభై కాగితాలున్నప్పుడు పద్ధతి నిలబెట్టుకోవడం వేరే సమస్య. మొదట్లో పిసినారిగా, చివర్లో ఉదారంగా, లేదా దానికి తలకిందులుగా మార్కులు పడటం అందరికీ అనుభవమే. మార్కులు వేయకుండా ముందు ఒక అయిదారు కాగితాలు చదివి, వాటిలో బలమైనది, నడిమి రకం, బలహీనమైనది పక్కన పెట్టుకుంటే మిగతావాటికి అవే కొలబద్దలవుతాయి. ఒక్కో కాగితాన్ని మొదటిసారి పెన్ను పట్టకుండా చదవాలి, రెండోసారి క్రియల కింద గీతలు గీయాలి, అనుమానం వచ్చిన వాక్యాన్ని పైకి చదవాలి. దొంతర పూర్తయ్యాక మొదట దిద్దిన అయిదింటిని మళ్ళీ తీసి చూస్తే, వాటిలో ఒకటి రెండింటికి మార్కులు మార్చాల్సి రావడం మామూలే.